చివరికి పట్టికలో ఏముంది?

ఈ ప్రసంగం వింటూ ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. కాగితం మీద నిలువుగా పది గళ్లు గీసి, పై నుంచి కిందికి 0 మొదలు 9 దాకా అంకెలు వేయండి. ఇదే మన హ్యాష్ టేబుల్. ఒక్కో గడిని గది అని పిలుచుకుందాం.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్ చదివే ప్రతి విద్యార్థికీ, గేట్ పరీక్షకు సిద్ధమయ్యే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కొన్ని సంఖ్యలిస్తారు, హ్యాష్ ఫంక్షన్ ఇస్తారు, రెండు సంఖ్యలకు ఒకే గది వస్తే ఏం చేయాలో చెబుతారు. అన్నీ చేర్చాక చివరికి పట్టిక ఎలా ఉంటుందని అడుగుతారు. చూడటానికి సులువైన కూడికల లెక్కలాగే ఉంటుంది. కానీ ఆ చివరి పట్టికను సరిగా చదవడం వస్తే, లీనియర్ ప్రోబింగ్ ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో అందులోనే కనిపిస్తుంది. ఈరోజు ఒకే ఒక్క లెక్క తీసుకుని దాన్ని చివరిదాకా చూద్దాం.

2009 గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో వచ్చిన లెక్క ఇది. పట్టికలో పది గదులు. హ్యాష్ ఫంక్షన్ చాలా సాదా: కీని 10తో భాగిస్తే వచ్చే శేషమే గది నంబరు. అంటే చివరి అంకె చూస్తే చాలు. చేర్చవలసిన కీలు, వరుసగా రాసుకోండి: 12, 18, 13, 2, 3, 23, 5, 15. మొత్తం ఎనిమిది. పద్ధతి లీనియర్ ప్రోబింగ్. అంటే తనకు రావలసిన గది నిండి ఉంటే పక్క గది చూడాలి, అదీ నిండి ఉంటే ఆ పక్కది. ఖాళీ దొరికే దాకా ఒక్కో గదీ దిగుతూ పోవాలి. 9 దాటితే మళ్లీ 0 నుంచి మొదలు.

ఇక చేరుద్దాం. 12కి శేషం 2. రెండో గది ఖాళీ, కూర్చుంది. 18కి శేషం 8. ఎనిమిదో గది ఖాళీ, కూర్చుంది. 13కి మూడో గది, అదీ ఖాళీయే. ఇంతవరకూ గొడవ లేదు.

ఇప్పుడు 2. దాని గది 2, అక్కడ 12 ఉంది. మూడులో 13 ఉంది. నాలుగు ఖాళీ, అక్కడ రాయండి. తర్వాత 3. దాని సొంత గది మూడులో 13 ఉంది, నాలుగులో ఇప్పుడే వచ్చిన 2 ఉంది, కాబట్టి అయిదులో కూర్చుంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 2కీ 3కీ హ్యాష్ విలువలు వేరు. అయినా 3 వెళ్లిన దారికి 2 అడ్డు పడింది. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

తర్వాతది 23. మూడు, నాలుగు, అయిదు నిండాయి, ఆరులో చోటు. తర్వాత 5. అయిదో గది తనదే అయినా అక్కడ 3 కూర్చుంది, ఆరులో 23 ఉంది, ఏడు దొరికింది. చివరిది 15. అయిదు, ఆరు, ఏడు నిండాయి, ఎనిమిదిలో ఎప్పుడో వచ్చిన 18 ఉంది. తొమ్మిదిలో కూర్చుంది.

చివరి పట్టిక చదువుతాను, మీ కాగితంతో పోల్చుకోండి. సున్నా ఖాళీ. ఒకటి ఖాళీ. రెండులో 12. మూడులో 13. నాలుగులో 2. అయిదులో 3. ఆరులో 23. ఏడులో 5. ఎనిమిదిలో 18. తొమ్మిదిలో 15.

ఆ ప్రశ్నకు నాలుగు పట్టికలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. తప్పు పట్టికలు మూడూ ఏదో తోచినట్టు రాసినవి కావు. ఒకదానిలో రెండో గదిలో 2, మూడులో 23, అయిదులో 15, ఎనిమిదిలో 18 మాత్రమే ఉన్నాయి. కొత్త కీ వచ్చినప్పుడల్లా పాతదాన్ని చెరిపేసి దాని మీదే రాస్తే వచ్చే పట్టిక అది. ఇంకొకదానిలో 12, 13, 5, 18 ఉన్నాయి. ముందు వచ్చినవాడిదే గది, తర్వాత వచ్చినవాళ్లు వెళ్లిపోవాల్సిందే అనుకుంటే వచ్చేది అది. ఈ రెండింటిలోనూ ఎనిమిది కీలలో నాలుగే మిగిలాయి. చేర్చినవి ఎనిమిదైతే పట్టికలోనూ ఎనిమిది ఉండాలి, దేన్నీ పోగొట్టకూడదు. ఆ ఒక్క లెక్కతోనే రెండింటినీ కొట్టేయవచ్చు.

మిగిలిన మూడో తప్పు పట్టికలో మాత్రం ఎనిమిదీ ఉన్నాయి. అది చైనింగ్ పద్ధతికి సరైన జవాబే. అడిగింది లీనియర్ ప్రోబింగ్ కనుక ఇక్కడ తప్పయింది. దాన్ని కూడా మనం వేద్దాం. మొదటి పట్టిక పక్కనే మరో పది గదులు గీయండి.

చైనింగ్‌లో గదిలో కీ ఉండదు. ఒక లింక్డ్ లిస్టుకు మొదలు మాత్రం ఉంటుంది. అదే గదికి ఎంతమంది వచ్చినా ఆ గొలుసులోనే చేరతారు, పక్క గది జోలికి పోరు. 12, 2 రెండూ రెండో గదికి వస్తాయి. 13, 3, 23 మూడో గదికి. 5, 15 అయిదో గదికి. 18 ఒక్కటే ఎనిమిదికి. మిగతా ఆరు గదులూ, అంటే 0, 1, 4, 6, 7, 9, ఖాళీ.

గొలుసులో వరుస గురించి ఒక జాగ్రత్త. కొత్త కీని గొలుసు చివర తగిలిస్తే మూడో గది 13, 3, 23 అని చదవాలి. గొలుసు మొదట్లో తగిలిస్తే అదే గది 23, 3, 13 అవుతుంది. మొదట్లో చేర్చడానికి గొలుసంతా నడిచి చివరిదాకా పోనక్కర్లేదు కాబట్టి చాలా పుస్తకాలు ఆ దారే పడతాయి. అయితే ఆ కీ ముందే ఉందేమో చూడాలంటే ఎలాగూ చివరిదాకా నడవాల్సిందే, అలాంటప్పుడు చివరనే తగిలించినా నష్టం లేదు. ప్రశ్నలో ఏది చెప్పారో చూసి రాయాలి. చెప్పకపోతే మీరు ఏది తీసుకున్నారో జవాబులో ఒక్క వాక్యం రాయండి. ఎలా చేర్చినా ఏ గదిలో ఎవరున్నారన్నది మారదు, గొలుసులో ముందువెనకలు మాత్రమే మారతాయి.

మళ్లీ లీనియర్ ప్రోబింగ్ పట్టికకు వద్దాం. అక్కడ వరుస మారితే ఏమవుతుంది? అవే ఎనిమిది కీలను వెనక నుంచి చేర్చి చూడండి: 15, 5, 23, 3, 2, 13, 18, 12. 15 అయిదులో కూర్చుంటుంది, 5 ఆరుకు జరుగుతుంది. 23 మూడులో, 3 నాలుగులో, 2 తన సొంత రెండులో. 13కి మూడు మొదలు ఆరు దాకా నిండాయి, ఏడులో చోటు. 18 ఎనిమిదిలో. చివరికి 12, రెండు నుంచి ఎనిమిది దాకా అన్ని తలుపులూ తట్టి తొమ్మిదికి చేరుతుంది.

ఈ పట్టిక వరుసగా రెండు నుంచి తొమ్మిది దాకా 2, 23, 3, 15, 5, 13, 18, 12. పూర్తిగా వేరే పట్టిక. 18 తప్ప ఏదీ మొదటి చోట లేదు. కానీ రెండు విషయాలు మారలేదు. ఒకటి, నిండిన గదులు అవే, రెండు నుంచి తొమ్మిది వరకు. సున్నా, ఒకటి ఇక్కడా ఖాళీయే. రెండోది ఇంకా ఆసక్తికరం. ఒక్కో కీ ఎన్ని గదులు చూసిందో కూడండి. మొదటి వరుసలో 12, 18, 13 ఒక్కొక్కటి, 2కి మూడు, 3కి మూడు, 23కి నాలుగు, 5కి మూడు, 15కి అయిదు. మొత్తం 21. వెనక వరుసలో 15కి ఒకటి, 5కి రెండు, 23కి ఒకటి, 3కి రెండు, 2కి ఒకటి, 13కి అయిదు, 18కి ఒకటి, 12కి ఎనిమిది. మొత్తం 21.

ఇది ఈ లెక్కకు మాత్రమే కుదిరిన విచిత్రం కాదు. ఒక గది దగ్గర ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఉంటారు, ఒకరు ముందుకు పోతారు. ఎవరు ఆగినా, ఎవరు కదిలినా ముందున్న దారి ఒక్కటే. అందుకని కష్టం ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుందే కానీ మొత్తం తగ్గదు, పెరగదు. వెనక వరుసలో 2, 23, 15 సుఖపడ్డాయి, ఆ భారం 12, 13 మీద పడింది.

దీన్ని జవాబు సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. నిండిన గదుల నంబర్లు కూడండి: 2 నుంచి 9 దాకా 44. కీల సొంత గదుల నంబర్లు కూడండి: 2, 8, 3, 2, 3, 3, 5, 5, మొత్తం 31. తేడా 13. అంటే అందరూ కలిసి తమ గది నుంచి 13 అడుగులు జరిగారు. ప్రతి కీ తన సొంత గదిని కూడా చూసింది కాబట్టి మరో ఎనిమిది కలిపితే 21. తొమ్మిది దాటి సున్నాకు తిరిగి వచ్చిన కీ ఉంటే, అలాంటి ప్రతి దానికీ ఒక 10 కలుపుకోవాలి.

పట్టిక తప్పో ఒప్పో తేల్చడానికి ఇంకో గట్టి సూత్రం ఉంది. ఏ కీని తీసుకున్నా, దాని సొంత గది నుంచి అది కూర్చున్న గది దాకా మధ్యలో ఒక్క ఖాళీ గది కూడా ఉండకూడదు. ఉంటే ఆ కీ అక్కడే ఆగిపోయేది కదా! విద్యార్థులు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ పరీక్షలోనే దొరికిపోతాయి. అయితే ఒక్క గదైనా ఖాళీగా ఉన్న పట్టిక ఈ పరీక్ష నెగ్గితే, అది ఏదో ఒక వరుసకు సరైనదని మాత్రమే అర్థం. మీకిచ్చిన వరుసకే సరైనదా అన్నది అడుగడుగూ చేసి చూడాల్సిందే.

ఈ ఆలోచననే తిరగేసి 2010లో గేట్‌లో మరో ప్రశ్న అడిగారు. ఈసారి చివరి పట్టికే ఇచ్చారు. అదే పది గదులు, అదే శేషం. రెండులో 42, మూడులో 23, నాలుగులో 34, అయిదులో 52, ఆరులో 46, ఏడులో 33. ఎన్ని వేర్వేరు వరుసల్లో చేర్చితే ఈ పట్టిక వస్తుంది? 42, 23, 34, 46 నాలుగూ తమ సొంత గదుల్లోనే ఉన్నాయి. 52 సొంత గది 2, కూర్చున్నది 5. అంటే అది వచ్చేసరికి 42, 23, 34 వచ్చేసి ఉండాలి. 33 సొంత గది 3, కూర్చున్నది 7. అంటే 23, 34, 52, 46 ముందే వచ్చాయి. 52 ముందు 42 కూడా రావాలి కాబట్టి 33 అందరికన్నా చివర. ఇక 42, 23, 34 తమలో తాము ఆరు రకాలుగా రావచ్చు, వాటి తర్వాత 52. ఈ నలుగురి మధ్య 46 ఎక్కడైనా దూరవచ్చు, అందుకు అయిదు చోట్లు. ఆరు అయిదులు 30. జవాబు 30.

ఇందాక 3కు 2 అడ్డుపడిందన్న సంగతి చూద్దాం. మొదటి పట్టికలో రెండు నుంచి తొమ్మిది దాకా గదులన్నీ ఒకే గుంపుగా నిండిపోయాయి. దీన్ని ప్రైమరీ క్లస్టరింగ్ అంటారు. ఇప్పుడు తొమ్మిదో కీ వస్తే ఎక్కడ కూర్చుంటుంది? దాని శేషం 2 నుంచి 9 దాకా ఏదైనా సరే, దొర్లుకుంటూ వెళ్లి సున్నాలో పడుతుంది. శేషం సున్నా అయినా సున్నాలోనే. ఒకటి శేషం వస్తేనే ఒకటో గది. అంటే పదింట తొమ్మిది వంతులు సున్నాకే, ఒక్క వంతు ఒకటికి. హ్యాష్ ఫంక్షన్ కీలను ఎంత సమానంగా పంచినా, గుంపు పక్కనున్న గదికే అవకాశం ఎక్కువ. గుంపు పెరిగే కొద్దీ ఇంకా వేగంగా పెరుగుతుంది.

దీని ఖర్చు పట్టికలో లేని కీ కోసం వెతికినప్పుడు తెలుస్తుంది. 22 ఉందా అని అడిగితే రెండు నుంచి తొమ్మిది దాకా ఎనిమిది కీలతో పోల్చి, సున్నాలో ఖాళీ చూశాక గానీ లేదని చెప్పలేం. తొమ్మిది గదులు చూశాం. పది శేషాలకూ ఇలా లెక్కేస్తే, సున్నాకూ ఒకటికీ ఒక్కొక్కటి, రెండు నుంచి తొమ్మిది దాకా వరుసగా 9, 8, 7, 6, 5, 4, 3, 2. మొత్తం 46, సగటున 4.6 గదులు. చైనింగ్ పట్టికలో అదే 22 కోసం వెతికితే రెండో గది గొలుసులో 12, 2 అనే రెండు కీలతో పోల్చి ఆగిపోతాం. అన్ని గదులకూ సగటు తీస్తే పోలికలు 0.8 మాత్రమే, ఎందుకంటే పది గొలుసుల్లో ఉన్నవి మొత్తం ఎనిమిది కీలే.

పది గదుల్లో ఎనిమిది నిండాయి కాబట్టి ఇక్కడ లోడ్ ఫ్యాక్టర్ 0.8. డొనాల్డ్ నూత్ 1963లో లీనియర్ ప్రోబింగ్‌ను గణితపరంగా విశ్లేషించి తేల్చిన లెక్క ప్రకారం, పెద్ద పట్టిక సగం నిండి ఉంటే లేని కీ కోసం సగటున 2.5 గదులు చూస్తే చాలు. 90 శాతం నిండితే సుమారు 50 గదులు చూడాలి. అందుకే లీనియర్ ప్రోబింగ్ వాడేవాళ్లు పట్టికను అంత దూరం నిండనివ్వరు, ముందే పెద్ద పట్టికకు మారిపోతారు. చైనింగ్ ఇంత ఇబ్బంది పడదు, కానీ ప్రతి కీకీ ఒక పాయింటర్ అదనంగా మోయాలి. పైగా గొలుసులోని నోడ్లు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. లీనియర్ ప్రోబింగ్‌లో పక్కపక్క గదులే చూస్తాం కనుక అవి చాలావరకు ఒకేసారి కాష్‌లోకి వచ్చేస్తాయి. అందుకే పట్టిక మరీ నిండనంత వరకు అది నేటి యంత్రాల మీద చురుగ్గా నడుస్తుంది.

ఇక తీసివేత. దీన్ని సరిగా చేయకపోతే అప్పటిదాకా బాగున్న పట్టిక కూడా అబద్ధం చెబుతుంది. మొదటి పట్టికలో మూడో గదిలోని 13ను తీసేసి, గదిని ఖాళీ చేశామనుకోండి. ఇప్పుడు 2 ఉందా అని వెతకండి. రెండులో 12, కాదు. మూడు ఖాళీ. ఖాళీ కనబడితే ఆగాలి కదా, లేదని చెప్పేస్తాం. కానీ 2 నాలుగో గదిలో నిక్షేపంగా ఉంది. ఇందాకటి సూత్రం గుర్తు తెచ్చుకోండి: సొంత గదికీ కూర్చున్న గదికీ మధ్య ఖాళీ ఉండకూడదు. మనమే ఆ ఖాళీ సృష్టించాం.

మందు రెండు రకాలు. ఒకటి, గదిలో తీసేశాం అన్న గుర్తు పెట్టడం. వెతికేవాళ్లు దాన్ని నిండిన గదిలాగే దాటిపోతారు, చేర్చేవాళ్లు మాత్రం అక్కడ కొత్త కీ పెట్టుకోవచ్చు. ఇలాంటి గుర్తులు ఎక్కువైతే వెతుకులాట నెమ్మదిస్తుంది. రెండోది, వెనకవాళ్లను ముందుకు జరపడం. మూడు ఖాళీ అయింది. నాలుగులోని 2 సొంత గది రెండు, మూడుకు జరగవచ్చు. 3 నాలుగుకు, 23 అయిదుకు, 5 ఆరుకు జరుగుతాయి. ఏడు ఖాళీ. 18 సొంత గది ఎనిమిదే, అది అంతకన్నా ముందుకు రాకూడదు, ఉన్నచోటే ఉంటుంది. దాన్ని దాటి 15 తొమ్మిది నుంచి ఏడుకు వస్తుంది. తొమ్మిది ఖాళీ, సున్నా కూడా ఖాళీయే కాబట్టి ఇక ఆగవచ్చు. ఇప్పుడు రెండు నుంచి ఎనిమిది దాకా 12, 2, 3, 23, 5, 15, 18. కావాలంటే 13ను వదిలేసి మిగతా ఏడింటినీ మొదటి వరుసలోనే మళ్లీ చేర్చి చూడండి, సరిగ్గా ఇదే పట్టిక వస్తుంది. చైనింగ్‌లో ఇదేమీ అక్కర్లేదు. గొలుసులో ఒక లింకు తీసి, ముందుదాన్ని తర్వాతదానికి కలిపితే సరి.

చివరగా మీరే చేయడానికి ఒక చిన్న లెక్క. ఏడు గదులు, 0 నుంచి 6. కీని 7తో భాగిస్తే వచ్చే శేషమే గది. కీలు 20, 34, 13, 7, 15. మొదటి మూడింటికీ శేషం 6 కాబట్టి ఈసారి చివరి గది నుంచి మొదటికి తిరిగి రావడం తప్పదు. లీనియర్ ప్రోబింగ్‌లో ఒక పట్టిక, చైనింగ్‌లో ఒక పట్టిక వేయండి. చైనింగ్‌లో ఆరో గదిలో మూడు కీలు, సున్నాలోనూ ఒకటిలోనూ ఒక్కొక్కటి రావాలి. లీనియర్ ప్రోబింగ్‌లో నాలుగో, అయిదో గదులు ఖాళీగా మిగలాలి. తర్వాత వరుస మార్చి మళ్లీ చేర్చండి. పట్టికలో ఎవరెక్కడున్నారన్నది మారవచ్చు, కానీ చూసిన గదుల మొత్తం ప్రతిసారీ 12 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అడుగు తప్పిందన్నమాట.